చివరి కిస్తు నుంచి వెనక్కి వస్తే బాండు ధర

కేంద్ర ప్రభుత్వ బాండు పేరులోనే సగం సమాచారం ఉంటుంది. 7.18% జీఎస్ 2033 అంటే ముఖ విలువ మీద ఏడాదికి 7.18 శాతం వడ్డీ ఇస్తూ, 2033లో అసలు తిరిగి చెల్లించే బాండు. ఆ వడ్డీనే కూపన్ అంటారు. అది ఆరు నెలలకోసారి సగం చొప్పున, అంటే వంద రూపాయల ముఖ విలువకు 3 రూపాయల 59 పైసలుగా చేతికొస్తుంది. 2021 నవంబరులో రిజర్వ్ బ్యాంకు రిటైల్ డైరెక్ట్ పథకం మొదలుపెట్టాక మామూలు మదుపరులు కూడా పదివేల రూపాయలతో ఇలాంటి బాండ్లు నేరుగా కొనగలుగుతున్నారు. కొనేవాళ్లకు ధరతో పాటు వైటీఎం అనే మరో శాతం కూడా ఎదురవుతుంది. ఆ ధరకు కొని గడువు తీరేదాకా అట్టే పెట్టుకుంటే వచ్చే రాబడి రేటు అది. రేటు తెలిస్తే ధర ఎంతో కాగితం మీదే తేల్చుకోవచ్చు.

లెక్క తేలిగ్గా సాగేందుకు ఒక ఊహా బాండు తీసుకుందాం. ముఖ విలువ 100, కూపన్ 7 శాతం, గడువు సరిగ్గా మూడేళ్లు, మార్కెట్ అడుగుతున్న వైటీఎం 8 శాతం. ఆరు నెలల చెల్లింపు కాబట్టి అన్నిటినీ ఆరు నెలల కొలతలోకి మార్చాలి. అప్పుడు కూపన్ 3.50, రేటు 4 శాతం, కిస్తులు ఆరు.

పుస్తకాల్లో ఆరు కిస్తులనూ విడివిడిగా నేటి విలువకు తెచ్చి కూడమంటారు. చేత్తో చేసేవాళ్లకు అంతకన్నా మంచి దారి చివర మొదలుపెట్టి వెనక్కి రావడం. గడువు రోజున ఆఖరి కూపన్, అసలు కలిపి 103.50 వస్తుంది. అంతకు ఆరు నెలల ముందు దాని విలువ ఎంతో తెలియాలంటే 1.04తో భాగించాలి. 1.04 అంటే ఇరవై ఐదులో ఇరవై ఆరు వంతులు కదా. అందుకని ఉన్న మొత్తంలో ఇరవై ఆరో వంతు తీసేస్తే చాలు, దశాంశాలతో భాగించే బాధ తప్పుతుంది. 103.50లో ఇరవై ఆరో వంతు 3.9808. అది తీసేస్తే 99.5192.

ఆ రోజున అయిదో కూపన్ కూడా వస్తుంది. 3.50 కలిపితే 103.0192. మళ్లీ ఇరవై ఆరో వంతు తీసేస్తే 99.0569. ఇలాగే కూపన్ కలపడం, ఇరవై ఆరో వంతు తీయడం చేసుకుంటూ పోతే 98.6124, 98.1850, 97.7740 వస్తాయి. ఆరోసారి 97.3788 దగ్గర ఆగుతాం. అదే ఈరోజు ధర, 97 రూపాయల 38 పైసలు.

ఈ పద్ధతి నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. దారిలో రాసుకున్న ప్రతి అంకె ఒక్కో కూపన్ తేదీన, అప్పటి కూపన్ చెల్లించేశాక, ఉండే ధర. రేటు 8 శాతం దగ్గరే నిలిచి ఉంటే బాండు 97.38 నుంచి మెట్టు మెట్టుగా పైకెక్కి, గడువునాటికి వందకు చేరుతుంది. పైగా మొదట్లో చేసిన చిన్న సవరింపు తేడాలు ప్రతి భాగహారంలో తగ్గుతూ వస్తాయి. నాలుగు దశాంశాలు ఉంచుకుంటే పైసల దాకా నికరంగా ఉంటుంది.

సరిచూసుకోవడానికి వేరే దారి ఉంది. మార్కెట్ అడిగేది ఆరు నెలలకు 4 రూపాయలు, బాండు ఇచ్చేది 3.50. లోటు 50 పైసలు, ఆరుసార్లు. 4 శాతం రేటున ఆరు కిస్తుల రూపాయి నేటి విలువ 5.2421. దాన్ని ఇలా కట్టవచ్చు:

```
1.04^3 = 1.124864
1.04^6 = 1.265319
1 / 1.265319 = 0.790315
(1 - 0.790315) / 0.04 = 5.2421
```

అందులో సగం 2.6211. వందలోంచి తీసేస్తే 97.3789. పై లెక్కతో ఉన్న తేడా సవరింపుల వల్ల వచ్చిందే. ధర వంద కన్నా ఎందుకు తగ్గిందో ఈ లెక్క నేరుగా చూపిస్తుంది. వైటీఎం 7 శాతమే అయితే లోటు ఉండదు, ధర సరిగ్గా వంద. 6 శాతమైతే లోటు బదులు మిగులు వచ్చి ధర వందను దాటుతుంది. మీ జవాబు ఈ దిశకు ఎదురుగా ఉంటే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఎక్కువగా పొరపడేది రేటును సగం చేయడంలోనే. కూపన్‌ను ఏడాదికోసారి 7గా తీసుకుని 8 శాతంతో మూడుసార్లు వెనక్కి తెస్తే 97.42 వస్తుంది. నాలుగు పైసల తేడాగా కనిపించినా కోటి రూపాయల ముఖ విలువ మీద అది దాదాపు 4,400 రూపాయలు. ఏడాదికి చక్రవడ్డీ 8 శాతం కావాలి కదా అని ఆరు నెలలకు 1.08 వర్గమూలం వాడేవాళ్లూ ఉన్నారు. బాండ్ల మార్కెట్ అలా లెక్కించదు. అక్కడ 8 శాతం వైటీఎం అంటే ఆరు నెలలకు 4, దాని ఏడాది చక్రవడ్డీ రేటు 8.16.

ఈ లెక్కంతా కూపన్ తేదీనే కొంటున్నట్టు వేసింది. మధ్యలో కొంటే గడిచిన రోజుల వడ్డీ అమ్మేవాడికి చెల్లాలి. మన ప్రభుత్వ బాండ్లకు నెలకు 30, ఏడాదికి 360 రోజులుగా లెక్క. రెండు నెలలు గడిచాక కొన్నారనుకోండి, 3.50లో మూడో వంతు, అంటే 1 రూపాయి 17 పైసలు, మార్కెట్ చెప్పే ధర మీద అదనంగా కట్టాలి. తర్వాతి కూపన్ మాత్రం పూర్తిగా మీకే వస్తుంది.