తెర ఎవరి చేతిలో ఉంది?

కౌంటర్-స్ట్రైక్ 2 ఆడేవాళ్లలో చాలామంది 1920×1080 మానిటర్ ఉన్నా గేమ్‌ను మాత్రం 1280×960లో పెట్టుకుంటారు. ఆ బొమ్మను తెర నిండా సాగదీస్తే ఎదురుగా వచ్చే ప్రత్యర్థి కాస్త వెడల్పుగా కనిపిస్తాడు. అయితే మ్యాచ్ మధ్యలో స్నేహితుడి మెసేజ్ చూద్దామని ఆల్ట్, ట్యాబ్ నొక్కగానే తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. సెట్టింగుల్లో `Fullscreen` తీసి `Fullscreen Windowed` పెడితే ఆ చీకటి పోతుంది. దాంతోపాటు 1280×960 కూడా పోతుంది.

ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్‌లో గేమ్ తెరను పూర్తిగా తన చేతిలోకి తీసుకుంటుంది. రిజల్యూషన్ ఎంతుండాలో, మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చాలో అదే నిర్ణయిస్తుంది. ఆల్ట్-ట్యాబ్ కొడితే ఆ అధికారం విండోస్‌కు తిరిగి రావాలి. రిజల్యూషన్ కూడా మారితే మానిటర్ కొత్త సిగ్నల్‌కు సర్దుకోవాలి, మనకు కనిపించే చీకటి అదే. డైరెక్ట్‌ఎక్స్ 9 కాలపు గేముల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. తెర చేజారగానే గ్రాఫిక్స్ కార్డులో పెట్టుకున్న సరంజామాలో చాలా భాగం చెల్లకుండా పోయేది. దాన్ని మళ్లీ సరిగ్గా నింపుకోలేని గేమ్ అక్కడే కుప్పకూలేది.

బోర్డర్‌లెస్ అంటే నిజానికి తెరంత పరచుకున్న, అంచుల్లేని మామూలు విండోనే. తెర విండోస్ చేతిలోనే ఉంటుంది కాబట్టి పక్క విండోకు వెళ్లడం రెప్పపాటు పని. అదే కారణంగా రిజల్యూషన్, రిఫ్రెష్ రేట్ డెస్క్‌టాప్‌కు ఎంతుంటే గేమ్‌కూ అంతే. సాగదీసిన 1280×960 కావాలంటే ముందు డెస్క్‌టాప్‌నే ఆ కొలతకు మార్చుకోవాలి.

మరి ఆలస్యం సంగతి? బోర్డర్‌లెస్‌లో మౌస్ బరువుగా కదులుతుందన్న పేరు ఊరికే రాలేదు. విండోస్ విస్టా నుంచి డెస్క్‌టాప్ విండో మేనేజర్ అనే భాగం తెర మీది విండోలన్నిటినీ కలిపి ఒక్క బొమ్మగా కూర్చి మానిటర్‌కు పంపుతోంది. విండోస్ 7 దాకా దాన్ని ఆపుకునే వీలుండేది, విండోస్ 8తో ఆ వీలు పోయింది. గేమ్ ఫ్రేమ్‌ను సిద్ధం చేశాక అది ఈ కూర్పరి దగ్గర తన వంతు కోసం ఆగాల్సి వచ్చేది. సుమారు ఒక ఫ్రేమ్ ఆలస్యం అనుకుంటే 60 హెర్ట్జ్ తెర మీద అది 16.7 మిల్లీసెకన్లు, 144 హెర్ట్జ్ మీద 6.9. గురి చూసి కాల్చే ఆటలో మొదటి అంకె చేతికి తెలుస్తుంది.

ఈ లెక్కను మార్చింది ఫ్లిప్ మోడల్. పాత పద్ధతిలో గేమ్ ఫ్రేమ్‌ను కూర్పరి కాపీ చేసుకునేది. కొత్త పద్ధతిలో కాపీ అక్కర్లేదు. గేమ్ తెరనంతా కప్పి, దాని మీద మరేదీ లేనప్పుడు ఫ్రేమ్ కూర్పరిని తప్పించుకుని నేరుగా మానిటర్‌కు వెళ్తుంది. ఆలస్యం దాదాపు ఎక్స్‌క్లూజివ్‌తో సమానమవుతుంది. డైరెక్ట్‌ఎక్స్ 12 గేములన్నీ ఫ్లిప్ మోడల్‌లోనే నడుస్తాయి. డైరెక్ట్‌ఎక్స్ 10, 11 గేముల కోసం విండోస్ 11 గ్రాఫిక్స్ సెట్టింగుల్లో `Optimizations for windowed games` అనే మీట ఉంది. డైరెక్ట్‌ఎక్స్ 9 గేములకు అది పనిచేయదు. వాటిలో వేగం ముఖ్యమైతే ఎక్స్‌క్లూజివే మేలు.

ఇంకో చిక్కుంది. మెనూలో `Fullscreen` అని ఉన్నంత మాత్రాన గేమ్ నిజంగా తెరను స్వాధీనం చేసుకున్నట్టు కాదు. విండోస్ 10 నుంచి చాలా గేములను ఫుల్‌స్క్రీన్ ఆప్టిమైజేషన్స్ అనే ఏర్పాటు లోపల బోర్డర్‌లెస్‌లాగే నడిపిస్తోంది. పేరు నమ్మకుండా ప్రెజెంట్‌మాన్ అనే ఉచిత పనిముట్టుతో చూసుకోవడం మంచిది. ఇంటెల్ అందించే ఈ ప్రోగ్రాం ఫ్రేమ్ ఏ దారిన వెళ్తోందో చెబుతుంది.

```
Hardware: Legacy Flip
Hardware: Independent Flip
Composed: Flip
```

మొదటిది అసలైన ఎక్స్‌క్లూజివ్‌లో కనిపించేది. రెండోది కూర్పరిని తప్పించుకున్న దారి. మూడోది కనిపిస్తే ఫ్రేమ్ ఇంకా కూర్పరి చేతుల మీదుగానే వెళ్తున్నట్టు. గేమ్ మీద తేలే చాట్ కిటికీ లాంటిదేదో అడ్డుండటం దీనికి ఒక కారణం కావచ్చు. దాన్ని మూసి మళ్లీ చూడాలి.

విండోస్ 11లో కొత్త గేములు ఆడేవారికి బోర్డర్‌లెస్ సరిపోతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవారు మాత్రం డిస్‌ప్లే సెట్టింగుల్లో `Advanced display` ఒకసారి తెరిచి చూడండి. అక్కడ 60 అని ఉంటే బోర్డర్‌లెస్‌లో మీ గేమ్ కూడా 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతోంది.