మీకు తెలుసా? చెప్పు తిరగేస్తే నడక గుట్టు రట్టు!

రోజూ వేసుకునే చెప్పు అడుగున మీ నడక అచ్చుపడి ఉంటుంది! చూడాలంటే ఒక బేతంచెర్ల బండ, ఒక ఫోను చాలు. చెప్పులు బండ మీద బోర్లించండి. పక్కనే 15 సెంటీమీటర్ల బడి స్కేలు పెట్టండి. ఫోను వంచకుండా సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు! సాయంత్రపు ఏటవాలు ఎండలో అయితే, కంటికి ఆనని పల్లాలు కూడా నీడలై పైకి తేలతాయి!

మడమ వెనక బయటి మూల అరిగిందా? కంగారు పడకండి, అది మామూలే! నడిచేటప్పుడు మన పాదాలు సూటిగా ముందుకు చూడవు. సుమారు 7 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటాయి! అందుకే ఆ మూలే ముందు నేలను తాకుతుంది. ఆనక బరువు వేళ్ల మొదళ్లకు జరిగి, చివరికి బొటనవేలు నేలను నెట్టి లేస్తుంది. లోపలి అంచు పొడుగునా అరిగితేనే అనుమానించాలి. పాదం లోపలికి వాలుతోందేమో! బయటి అంచు మొత్తం అరిగితే దానికి తలకిందులు.

మొన్న నా చెప్పులకూ ఈ పరీక్ష పెట్టాను. ఎడమ మడమ మూల 2 మిల్లీమీటర్లు తగ్గింది. కుడిది ఏకంగా 5! కుంటుతున్నానా అని గుండె జారింది. ఫొటో పెద్దది చేసి చూస్తే అసలు సంగతి తేలింది. ఎడమ పల్లం నున్నగా ఉంది, కుడిదాని నిండా గీతలే! నడకతో వచ్చే అరుగుదల నున్నగా ఉంటుంది, ఈడిస్తే వచ్చే అరుగుదలలో గీతలు పడతాయి. స్కూటరు ఆపేటప్పుడు నేను కుడికాలు నేలకు రాస్తాను మరి! స్కూటరే లేకుంటే? పాత గాయమో, కాలి పొడవులో తేడానో కావచ్చు. అది ఫొటో ఒక్కటే తేల్చలేదు.

ఇంతకీ చెప్పును అరగదీసేది బండ కాదు, దాని మీది ఇసుక! గట్టిదనం కొలతలో బేతంచెర్ల బండ లాంటి సున్నపురాయి 3 దగ్గరే ఆగితే, ఇసుకలోని పలుగురాయి 7కు చేరుతుంది!

చెప్పు సరిపోయిందో లేదో పైభాగం చెబుతుంది. హవాయి చెప్పుకైతే వేళ్ల గుంటలు చూడండి. పొడవైన వేలి గుంట ముందు సుమారు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి. గుంట అంచుకు తగిలినా, మడమ అచ్చు వెనక అంచు దాటినా చెప్పు చిన్నదే! గుంటలు మరీ లోతుగా ఉన్నాయా? చెప్పు వదులై, జారకుండా వేళ్లతో పట్టి నడుస్తున్నారేమో!

ఒక్క గుర్తు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2 చెప్పుల్లో ఒకదానికే ముందు కొన అరిగిపోతుంటే, ఆ పాదం సరిగా లేవక నేలకు రాసుకుంటోందేమో! ఆ ఫొటో డాక్టరుకు చూపించండి, చెప్పులు కూడా వెంట తీసుకెళ్లండి!