బియ్యంలో ఆర్సెనిక్: మడి నుంచి తౌడు దాకా

బంగ్లాదేశ్ పల్లెల్లో చాలా గొట్టపుబావుల మూతికి ఎర్రరంగు పూసి ఉంటుంది. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉంది, తాగవద్దని దాని అర్థం. పశ్చిమ బెంగాల్‌లోనూ గంగ ఒండ్రు పరచిన జిల్లాలది ఇదే బాధ. తాగే నీటి సంగతి జనానికి తెలిసింది. కానీ అదే భూగర్భజలం బోరో వరికి, అంటే మన దాళ్వా లాంటి ఎండాకాలపు పంటకు, నెలల తరబడి పారుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. పంటకాలంలో మడికి మీటరు ఎత్తున నీరు పెడితే ఎకరానికి సుమారు 40 లక్షల లీటర్లు. లీటరుకు 100 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉందనుకుంటే ఒక్క పంటలో ఆ ఎకరంలోకి 400 గ్రాములు చేరుతుంది. వానలకూ వరదలకూ కొంత కొట్టుకుపోతుంది, మిగిలింది మట్టిలో ఏటేటా పేరుకుంటుంది.

అయినా మట్టిలో ఉన్నంత మాత్రాన గింజలోకి రాదు. ఆరిన నేలలో ఆర్సెనిక్ ఇనుప తుప్పు రేణువులకు అంటిపెట్టుకుని ఉంటుంది. మడిలో నీరు నిలిస్తే మట్టికి గాలి అందదు. అప్పుడు అక్కడి సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగిస్తాయి, దానితోపాటు ఆర్సెనిక్ కూడా విడుదలై ఆర్సినైట్ రూపంలో నీటిలో కలుస్తుంది. వరికి సిలికా చాలా కావాలి; ఆకు అంచు చేతికి గరుకుగా తగిలేది దానివల్లే. సిలికాను లోపలికి తీసుకునే వేరు ద్వారాల గుండానే ఆర్సినైట్ కూడా దూరిపోతుందని 2008లో జపాన్ పరిశోధకులు తేల్చారు. గోధుమ కంటే వరిలో ఆర్సెనిక్ ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండటానికి కారణం ఈ రెండే: నిలిచిన నీరు, సిలికా దాహం.

మొక్క కూడా ఊరుకోదు. మడిలోంచి ఒక దుబ్బు పీకి కడిగితే వేళ్లమీద ఎర్రటి పూత కనిపిస్తుంది. వేళ్ల నుంచి బయటికొచ్చే ఆక్సిజన్‌తో ఏర్పడిన తుప్పు అది, కొంత ఆర్సెనిక్‌ను అక్కడే పట్టి ఉంచుతుంది. లోపలికి వచ్చినదాన్ని కాండపు కణుపుల దగ్గర కణాల్లో బంధించే ఏర్పాటూ ఉంది. ఈ కాపలా ఒక్కో రకంలో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టే ఒకే మడిలో పక్కపక్కన వేసిన రెండు రకాల గింజల్లో తేడా కనబడుతుంది. దీన్ని ఆసరా చేసుకునే చిన్‌సురా వరి పరిశోధన కేంద్రం, లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ కలిసి ఆర్సెనిక్‌ను తక్కువగా తీసుకునే ‘ముక్తోశ్రీ’ని బెంగాల్ రైతులకు అందించాయి. అలాగని సంచిమీద రకం పేరు చూసి నిశ్చింతగా ఉండలేం. బాస్మతిలో సాధారణంగా ఆర్సెనిక్ తక్కువగా ఉండటంలో అది పండే నేలకు, నీటికి పెద్ద వాటా ఉంది.

ఇక మిల్లు సంగతి. ఎక్కువ హాని చేసే అకర్బన ఆర్సెనిక్ ప్రధానంగా గింజ పైపొరల్లో, అంటే తౌడులో చేరుతుంది. తెల్లబియ్యంలో కంటే తౌడులో దాని మోతాదు పది రెట్లు ఉందనుకుందాం. వంద గ్రాముల ముడిబియ్యాన్ని పాలిష్ పడితే తొంభై గ్రాముల తెల్లబియ్యం, పది గ్రాముల తౌడు వస్తాయి. తెల్లబియ్యంలో మొత్తం 9 మైక్రోగ్రాములుంటే ఆ కాస్త తౌడులోనే 10 ఉన్నట్టు. అంటే పదోవంతు బరువులో సగానికి పైగా విషం. అందుకే ఒకే ధాన్యం నుంచి తీసిన దంపుడు బియ్యంలో తెల్లబియ్యం కంటే ఆర్సెనిక్ చాలా ఎక్కువ. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కూడా కిలోకు తెల్లబియ్యానికి 0.2, ముడిబియ్యానికి 0.35 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. పీచు, బి విటమిన్లు ఉండేదీ ఆ తౌడులోనే. కాబట్టి దంపుడు బియ్యం మానెయ్యమని నేననను, ఆర్సెనిక్ ఉన్న ప్రాంతపు ధాన్యమైతే మాత్రం దాన్ని రోజూ మూడు పూటలా తినడం మంచిది కాదంటాను.

మడిని మధ్యమధ్య ఆరబెట్టే ఆరుతడి సాగుతో గింజలో ఆర్సెనిక్ బాగా తగ్గుతుంది. కానీ మరీ ఆరబెడితే, కాడ్మియం ఉన్న నేలల్లో ఆ లోహం గింజలోకి ఎక్కువగా చేరుతుంది. ఒక విషాన్ని తప్పించబోయి మరొకదాన్ని పిలవకుండా ఎంత ఆరబెట్టాలన్నది నేలను బట్టి తేల్చుకోవాలి.

వంటింట్లో చేయగలిగింది మన పాత అలవాటే. శుభ్రమైన నీరు బియ్యానికి ఆరు రెట్లు పోసి ఉడికించి గంజి వార్చేస్తే ఆర్సెనిక్ దాదాపు సగం దాకా పోతుంది. అత్తెసరు పెట్టినా, కుక్కర్లో వండినా అదంతా అన్నంలోనే ఉండిపోతుంది. ఆర్సెనిక్ నీటితోనే వండితే అన్నంలో అది ఇంకా పెరుగుతుంది. గంజితో కొన్ని విటమిన్లు పోయే మాటా నిజమే. ఆ గంజినే తాగేస్తే మాత్రం వార్చిన ఫలితం దక్కదు.

పసిపిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దల కంటే ఎక్కువ తింటారు, అందుకే ఐరోపాలో వాళ్ల ఆహారానికి వాడే బియ్యానికి కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదన్నారు. మీ ఇంట్లో బిడ్డకు ఉగ్గు పెడుతుంటే రోజూ బియ్యమే కాకుండా రాగి, గోధుమరవ్వ, పప్పులు మార్చి మార్చి పెట్టండి.