పాత టిల్లర్ ఎక్స్చేంజ్: మనకు అసలు లాభమా, నష్టమా?



మల్బరీ తోటలో దున్నే పవర్ టిల్లర్ పాతబడితే, షోరూమ్‌లో ఇచ్చి కొత్తది తెచ్చుకుంటాం. "మీ పాతదానికి 80 వేలు ఇస్తున్నాం" అంటే సంతోషంగా ఒప్పేసుకుంటాం. ఆ 80 వేలు నిజంగా 80 వేలేనా? ఒక లెక్క వేసి చూద్దాం. ఇందులోని అంకెలు ఉదాహరణకే.

ముందు పాత మిషన్ విలువ. 5 ఏళ్ల కింద 1,60,000కి కొన్నాం. 8 ఏళ్లు పనిచేస్తుంది, చివర్లో గుజిరీకి 16,000 వస్తుంది అనుకున్నాం. అంటే 8 ఏళ్లలో అరిగేది 1,44,000, ఏడాదికి 18,000. ఈ 5 ఏళ్లలో 90,000 తరుగు పోయింది. మన పుస్తకంలో మిగిలిన విలువ 70,000.

ఇప్పుడు డీలర్ మాట. కొత్తది 2,10,000, పాతదానికి 80,000 తీసేసి 1,30,000 కట్టమంటాడు. 70 వేల మిషన్‌కు 80 వేలు వచ్చింది, 10 వేలు లాభం అనిపిస్తుంది.

ఇక్కడే ఆగాలి. పాతది ఇవ్వకుండా రొక్కంగా కొంటే ఎంత అని అడిగితే 1,90,000 అన్నాడనుకోండి. మనం కట్టేది 1,30,000. అంటే పాతదానికి నిజంగా వచ్చింది 60,000 మాత్రమే. మిగతా 20 వేలు ధర పెంచి, మళ్లీ మనకే ఇచ్చినట్టు చూపించాడు. కాబట్టి లాభం కాదు, 10,000 నష్టం.

పుస్తకంలో ఇలా రాసుకోవాలి: పాత టిల్లర్ 70,000 కొట్టేయాలి, నష్టం 10,000 చూపాలి, కొత్తది 1,90,000గా ఎక్కించాలి. 2,10,000 అని రాస్తే లేని 20 వేలకు కూడా ఏటా తరుగు వేస్తాం, కిలో గూళ్లకు పడే ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ 10 వేలు ఈ రోజు జేబులోంచి పోయిన డబ్బు కాదు. మిషన్ మనం అనుకున్నదానికంటే త్వరగా అరిగింది, ఏడాదికి 2,000 తరుగు తక్కువ వేశాం అని అర్థం. కొత్తదానికి ఆయుష్షు లెక్కవేసేటప్పుడు ఇది గుర్తుంచుకుందాం.

ఊళ్లో ఎవరైనా పాతదాన్ని 65,000కి అడిగితే, బయట అమ్మి కొత్తది రొక్కానికి కొనడమే మేలు. చేతినుంచి పడేది 1,25,000, ఎక్స్చేంజ్ కంటే 5,000 తక్కువ.

రెండు జాగ్రత్తలు. పాతది సబ్సిడీతో తీసుకున్నదైతే, సబ్సిడీ పోగా మనం కట్టిందే కొన్న ధరగా రాయాలి. ఇంతకాలం అమ్మకూడదన్న షరతు ఉందేమో మంజూరు పత్రంలో చూసుకోవాలి. ఇక ఇది మన సొంత పుస్తకానికి లెక్క, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకు తరుగు పద్ధతి వేరు, ఆడిటర్‌ని అడగండి.

షోరూమ్‌కి వెళితే ముందు రొక్కం ధర కాగితం మీద రాయించుకోండి. పాత మిషన్ మాట ఆ తర్వాతే ఎత్తండి.