కొవ్వు ఎక్కువ తేలాలని కోరుకునే కుస్తీవీరుడు

ఒంట్లో కొవ్వు తక్కువ ఉందని తేలితే ఎవరైనా మురిసిపోతారు. అమెరికా కాలేజీ కుస్తీలో సీజన్ మొదట్లో ఒకరోజు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. చొక్కా విప్పి నిలబడ్డ కుర్రాడు తనకు కాస్త కొవ్వు ఎక్కువే తేలాలని లోలోపల కోరుకుంటాడు. ఎంత కొవ్వు తేలితే అంత బరువు తగ్గడానికి అనుమతి దొరుకుతుంది మరి. అలా తగ్గితే ఒక తరగతి కిందికి దిగి, తనకంటే చిన్న ఒడ్డూపొడుగున్న వాళ్లతో తలపడవచ్చు. ఆ అనుమతి ఇచ్చేది ఓ స్ప్రింగు, రెండు దవడలు, ఒక ముల్లు ఉన్న చిన్న పట్టకారు. దాన్ని స్కిన్‌ఫోల్డ్ కాలిపర్ అంటారు.

మన కొవ్వులో చాలా భాగం చర్మం కిందే పరుచుకుని ఉంటుంది. వేళ్లతో చర్మాన్ని కండ నుంచి పైకి లాగి పట్టుకుంటే వచ్చే మడతలో రెండు పొరల చర్మం, మధ్యలో ఆ కొవ్వు ఉంటాయి. ఈ మడతల మందాన్ని బట్టి ఒంట్లో మొత్తం కొవ్వును లెక్కగట్టవచ్చని 1921లో చెక్ మానవశాస్త్రవేత్త యిండ్రిక్ మాటియేగ్కా ప్రతిపాదించాడు. చిక్కంతా పనిముట్టు దగ్గర వచ్చింది. కొవ్వు మెత్తన, గట్టిగా నొక్కితే అణిగిపోతుంది. ఒక్కో పట్టకారు ఒక్కోలా నొక్కితే ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో పోల్చలేం. బ్రిటన్‌లో పిల్లల ఎదుగుదలను పరిశీలిస్తున్న టానర్, వైట్‌హౌస్ బృందం 1955లో దీనికి విరుగుడు చూపించింది. దవడలు ఎంత తెరుచుకున్నా చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాముల ఒత్తిడే పడేలా స్ప్రింగును అమర్చారు. వాళ్లు పనిచేసిన ఊరి పేరు మీదే దాన్ని హార్పెండెన్ కాలిపర్ అన్నారు. అమెరికాలో లాంగే కాలిపర్ వాడుకలోకి వచ్చింది.

మడత మందం మిల్లీమీటర్లలో తెలిసినంత మాత్రాన కొవ్వు శాతం తెలియదు. మనుషులను నీటి తొట్టిలో ముంచి తూచి, వాళ్ల సాంద్రత కట్టి, ఆ సాంద్రతకూ మడతలకూ పొంతన ఎలా కుదురుతుందో చూసి సూత్రాలు రాశారు. కుస్తీలో ఎక్కువగా వాడేది 1981 నాటి లోమన్ సూత్రం. దండచేయి వెనక, భుజపు రెక్క కింద, బొడ్డు పక్కన తీసిన మూడు మడతల మొత్తం దానికి చాలు.

ఈ పట్టకారును కుస్తీ గదిలోకి గట్టిగా లాక్కొచ్చింది మాత్రం మూడు చావులు. 1997 నవంబరు 7 నుంచి డిసెంబరు 9 వరకు, అంటే 33 రోజుల్లో, నార్త్ కరోలినా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు తూకం కోసం బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. ముగ్గురూ గాలి దూరని సూట్లు తొడుక్కుని, వేడిలో వ్యాయామం చేస్తూ చెమటను పిండుకున్నవాళ్లే. విస్కాన్సిన్‌లో హైస్కూలు పిల్లల కోసం 1989లోనే కనీస బరువు పథకం మొదలైంది. కాలేజీలకు ఆ బుద్ధి రావడానికి ఈ ముగ్గురు పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఆ సూట్లనూ ఆవిరి గదులనూ నిషేధించి, 1998 నుంచి ప్రతి ఆటగాడికీ కనీస బరువు నిర్ణయించడం మొదలుపెట్టింది. 5 శాతం కొవ్వు మిగిలే బరువు కన్నా కిందికి ఎవరూ దిగకూడదు. హైస్కూళ్లలో ఈ హద్దు మగపిల్లలకు 7 శాతం, ఆడపిల్లలకు 12 శాతం.

ఒక కుర్రాడిని ఊహించుకుని లెక్క చేద్దాం. బరువు 73 కిలోలు. దండచేయి వెనక 6 మి.మీ., రెక్క కింద 9, బొడ్డు పక్కన 12. మొత్తం S అంటే 27. సాంద్రత D ఇలా వస్తుంది, దాని నుంచి కొవ్వు శాతం F:

```
D = 1.0982 - 0.000815 × S + 0.00000084 × S²
F = (4.57 / D - 4.142) × 100
```

సాంద్రత 1.0768, కొవ్వు 10.2 శాతం. అంటే కొవ్వు ఏడున్నర కిలోలు, కొవ్వు కానిది 65.5 కిలోలు. ఈ రెండోది కరగకూడదన్నదే లెక్కకు ఆధారం. దాన్ని 0.95తో భాగిస్తే 69 కిలోలు, అదే అతని కనీస బరువు. కాలేజీ తరగతులు పౌండ్లలో ఉంటాయి. 149 పౌండ్లంటే 67.6 కిలోలు, కాబట్టి ఆ తలుపు మూసుకుంది. 157 పౌండ్లు, అంటే 71.2 కిలోల తరగతిలోనే అతను ఆడాలి.

ఇప్పుడు అదే కుర్రాడు ముందురోజు మూడు కిలోల నీరు చెమటగా పోగొట్టుకుని వచ్చాడనుకుందాం. మడతలు పెద్దగా మారవు. కానీ కాటా మీద 70 కిలోలే పడతాయి. పోయిన నీరు కొవ్వు కాని భాగంలోదైనా సూత్రానికి ఆ సంగతి తెలియదు, అదే 10.2 శాతాన్ని 70 మీద వేస్తుంది. కనీస బరువు 66.2కి పడిపోయి 149 తరగతి తలుపు తెరుచుకుంటుంది. కాలిపర్‌ను మోసగించే సులువైన దారి కాలిపర్ జోలికే పోదన్నమాట. అందుకే పట్టకారు తీయకముందే మూత్రం చూస్తారు. రిఫ్రాక్టోమీటర్‌లో దాని సాపేక్ష సాంద్రత 1.020 దాటితే ఒంట్లో నీరు తగ్గినట్టే, ఆ రోజు కొలత లేదు. దీనికీ ఎత్తుకు పైఎత్తు ఉంది. పరీక్షకు ముందు గడగడా నీళ్లు తాగితే ఒంటి లోటు తీరకముందే మూత్రం పలచబడుతుంది.

కొలిచే చేతి సంగతీ తక్కువది కాదు. బొటనవేలు, చూపుడువేలితో మడత ఎత్తి, వేళ్లకు ఒక సెంటీమీటరు ఎడంగా దవడలు ఆనించి, రెండు సెకన్లలోపు ముల్లు చదవాలి. ఆలస్యమైతే కొవ్వు అణిగి ముల్లు కిందికి జారుతూనే ఉంటుంది. ఒక్కో చోట మూడుసార్లు తీస్తారు. అంకెలు దగ్గర దగ్గరగా రాకపోతే చేతిలో నిలకడ లేదని అర్థం. మన కుర్రాడి దగ్గర ఒక్కో చోట రెండేసి మిల్లీమీటర్లు ఎక్కువ చదివితే మొత్తం 33 అవుతుంది. కొవ్వు 12 శాతానికి ఎగబాకి, కనీస బరువు సరిగ్గా 67.6 దగ్గర ఆగుతుంది. అదే 149 తరగతి గీత! పైగా లాంగే పరికరం హార్పెండెన్ కన్నా సాధారణంగా ఎక్కువ చదువుతుంది. కాబట్టి సూత్రం ఏ పరికరంతో పుట్టిందో దానితోనే కొలవాలి. ఎంత నేర్పరి కొలిచినా మడతల సూత్రం కొవ్వు శాతంలో మూడు, నాలుగు పాయింట్లు అటూ ఇటూ తప్పవచ్చు. 69 అన్న అంకెను బల్లగుద్ది చెప్పలేం. అయినా కాటాను మాత్రమే నమ్మి చెమట పిండుకునే పద్ధతి కన్నా ఇది ఎంతో నయమని నా ఉద్దేశం.

అంతర్జాతీయ ఫ్రీస్టైల్‌లో పోటీ నాటి కాటా ఒక్కటే అడ్డంకి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ రోజు ఉదయం వినేశ్ ఫోగట్ 50 కిలోల మీద 100 గ్రాములు తూగి అనర్హురాలైంది. తరగతి ఎంచుకునే దశలో ఒంట్లో తగ్గించడానికి ఏముందని అక్కడి తూకం అడగదు.

ఎన్‌సీఏఏ పద్ధతిలో కనీస బరువు తేలాక కూడా ఒక్కసారిగా దిగడానికి వీల్లేదు. వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం మించి తగ్గకూడదు. 73 కిలోల కుర్రాడికి మొదటి వారం అది 1.1 కిలోలు. 157 తరగతికి చేరడానికే అతనికి దాదాపు రెండు వారాలు పడుతుంది, ఆలోపు వచ్చే పోటీల్లో పై తరగతిలోనే దిగాలి.