ఏ ఒడ్డున తీసిన ఫొటో?

గోదావరి మీద వరసగా నిలబడ్డ కాంక్రీటు ఆర్చిలు కనిపిస్తే తెలుగువాళ్లు ఇంకేమీ చూడరు. "రాజమండ్రి!" అనేస్తారు. తొమ్మిదో తరగతి పిల్లలైతే మరీను, ఫొటో పూర్తిగా చూపించకముందే అరుస్తారు. ఫొటోలో కనిపించే ఆధారాలతోనే అది ఎక్కడ తీసిందో తేల్చే వర్క్‌షాప్ పెట్టాలనుకునే టీచరుకు మొదటి చిక్కు ఇదే. పిల్లలు గుర్తుపట్టేస్తారు, కానీ నిరూపించరు. పైగా ఆ వంతెనకు రెండు చివరలు ఉన్నాయి. తూర్పు ఒడ్డున రాజమండ్రి, పడమటి ఒడ్డున కొవ్వూరు. రెండు చోట్లా స్నానఘట్టాలు ఉన్నాయి, మెట్లు ఉన్నాయి, మునిగేవాళ్లు ఉన్నారు. ఫొటో ఏ ఒడ్డుది?

వర్క్‌షాప్‌కి ఈ ఒక్క ప్రశ్న చాలు. రెండు పీరియడ్లు కలిపి గంటన్నర దొరికితే నలభై మంది పిల్లలతో హాయిగా నడపొచ్చు. నలుగురేసి చొప్పున పది జట్లు చేయాలి. జట్టుకో ఫొటో ప్రింటు, ఒక స్కేలు, వీలైతే ఒక భూతద్దం ఇవ్వాలి. తెరమీద చూపించడం కన్నా కాగితం మీద ఇవ్వడం మేలు. ఫొటో ఫైలులో తీసిన చోటు, సమయం దాగి ఉండొచ్చు. కాగితంలో అవి ఉండవు. ఫొటోను ఇంటర్నెట్‌లో వేసి వెతికే దారి కూడా మూసుకుపోతుంది. మొదటి గంటలో ఫోను బయటికి తీయకూడదు. మ్యాపు చివరి అరగంటలోనే, అదీ తేల్చుకున్న మాట సరిచూసుకోవడానికే.

ఫొటో ఎంపిక

ఫొటో టీచరు స్వయంగా తీసిందైతే మంచిది. ఎక్కడ నిలబడి, ఏ దిక్కుకు తిరిగి, ఎన్ని గంటలకు తీశారో ఖాయంగా తెలియాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో కింద రాసిన ఊరిపేరే తప్పు కావచ్చు, అప్పుడు జవాబే తప్పయిపోతుంది. ఫొటోలో ఒక ప్రసిద్ధమైన గుర్తు, దాంతో తేలని ఒక ప్రశ్న, ఆ ప్రశ్నను తేల్చే చిన్న ఆధారం ఒకటి, మూడూ ఉండాలి. గుర్తు ఒక్కటే ఉంటే ఆట నిమిషంలో ముగుస్తుంది. చిన్న ఆధారం లేకపోతే పిల్లలు ఊహల్లో కొట్టుకుపోతారు.

తీసుకోకూడని ఫొటోలు కూడా ముందే పక్కన పెట్టాలి. ఇళ్ల గుమ్మాలు, ముఖాలు స్పష్టంగా ఉన్నవి, పిల్లలు సొంతంగా తెచ్చినవి వద్దు. బండి నంబరు ఉంటే రాష్ట్రం అక్షరాలు, వాటి పక్క అంకెలు ఉంచి, చివరి నాలుగంకెలు చెరిపేయాలి. బండి ఏ ఊరిదన్నది పాఠానికి పనికొస్తుంది, ఎవరిదన్నది మనకు అనవసరం.

నాలుగు గడుల కాగితం

జట్టుకో కాగితం ఇచ్చి నాలుగు గడులు గీయించాలి. ఏం కనిపిస్తోంది? అది ఏం చెబుతోంది? ఇంకెలా అయినా జరిగి ఉండొచ్చా? ఎంత నమ్మకం? ఎక్కువ పని మూడో గడిదే. పిల్లలు దాన్నే ఖాళీగా వదిలేస్తారు కాబట్టి, ముందు ఒక ఉదాహరణ బోర్డుమీద నింపి చూపించాలి.

అందుకు బండి నంబరు ప్లేటు బాగా పనికొస్తుంది. ప్లేటుమీద AP అని ఉంది. మొదటి గడిలో "AP ప్లేటు" అని రాస్తాం. రెండో గడిలో పిల్లలు "ఆంధ్రప్రదేశ్" అంటారు. మూడో గడి దగ్గర ఆగాలి. 2014 దాకా హైదరాబాదు బండ్లకూ AP అనే ఉండేది, ఆ ప్లేట్లు ఇప్పటికీ అక్కడ తిరుగుతున్నాయి. AP పక్కన 09 ఉంటే ఆ బండి హైదరాబాదులో రిజిస్టరైంది, 31 ఉంటే విశాఖలో. 39 ఉంటే మాత్రం జిల్లా తెలియదు, ఎందుకంటే 2019 నుంచి ఆ సిరీసును రాష్ట్రమంతటికీ ఉమ్మడిగా ఇచ్చారు. తెలంగాణలో 2014 నుంచి TS, 2024 మార్చి నుంచి TG. అంటే ప్లేటుమీద TG కనిపిస్తే ఫొటో 2024 మార్చికి ముందుది కాదని కూడా తెలుస్తుంది. వీటన్నిటికీ మించి, బండి ఎక్కడికైనా వెళ్తుంది. ఒక్క ప్లేటు ఊరిని చెప్పదు. రోడ్డుపక్క ఆపి ఉన్న అరడజను బండ్లలో ఐదింటికి ఒకే కోడు ఉంటే అది ఆధారం.

ఈ ఒక్క ఉదాహరణ పావుగంట పడుతుంది, పట్టనివ్వాలి.

ఇప్పుడు గోదావరి ఫొటో

పడవలోంచి రేవువైపు తీసిన ఫొటో ఒకటి జట్లకు ఇచ్చామనుకుందాం. ముందు నీళ్లు, తర్వాత మెట్లు, మెట్లమీద నలుగురైదుగురు దూరంగా. వెనక మేడలు, వాటిమీద నీళ్ల ట్యాంకులు, డిష్‌లు. ఫొటో కుడి అంచున ఆర్చిల వంతెన కొంత భాగం. మెట్లమీద మనుషుల నీడలు పొడుగ్గా నీళ్లవైపు పడి ఉన్నాయి.

"సార్, రాజమండ్రే!"

"నీకా మాట చెప్పింది ఏది నాన్నా?"

"ఆర్చిలు సార్."

"ఆర్చి ఏ ఒడ్డో చెబుతుందా?"

చెప్పదు. రెండు ఒడ్లనుంచీ అది ఒకేలా కనిపిస్తుంది. ఆర్చిలు మనల్ని ఈ వంతెన దగ్గరికి తెచ్చాయి, వాటి పని అయిపోయింది. ఆ మాట కాగితంమీద రాయించి ముందుకు సాగాలి.

తర్వాత ఎవరో ఒకరు నీడలు పట్టుకుంటారు. నీడ నీళ్లవైపు ఉందంటే సూర్యుడు ఊరి వెనక ఉన్నాడు. రాజమండ్రి అయితే ఊరు నదికి తూర్పున, కాబట్టి అది పొద్దుట. కొవ్వూరైతే ఊరు నదికి పడమట, కాబట్టి సాయంత్రం. రెండూ సరిపోతున్నాయి. ఇక్కడ తరగతి రెండుగా చీలుతుంది, "పొద్దుటే సార్, స్నానాలు పొద్దుటే కదా చేస్తారు" అనే జట్టు తప్పకుండా ఉంటుంది. ఆ మాట మూడో గడిలోకి వెళ్తుంది, ఎందుకంటే పర్వదినాల్లో సాయంత్రం కూడా రేవు నిండుతుంది. మరొకరు నీటి వాలు చూద్దామంటారు. మంచి ఆలోచనే. ఇక్కడ నది దాదాపు దక్షిణానికి పారుతుంది కాబట్టి పడవలోంచి రాజమండ్రిని చూసేవాళ్లకు నీళ్లు కుడివైపు, కొవ్వూరిని చూసేవాళ్లకు ఎడమవైపు సాగుతాయి. గుర్రపుడెక్క వంతెన స్తంభాలకు ఎగువ పక్కనే అడ్డుపడి పేరుకుంటుంది కాబట్టి అదీ సాక్ష్యమే. కానీ దిగువన కొద్ది దూరంలోనే ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. వరద లేని రోజుల్లో ఇక్కడి నీళ్లు చెరువులా నిలిచి ఉంటాయి, గుర్రపుడెక్క గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఈ ఫొటోలో నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. ఆ ఆధారం ఉంది కానీ మాట్లాడడంలేదు. అలా అని రాయడం కూడా పిల్లలకు నేర్పాలి.

మిగిలింది మేడలమీది డిష్‌లు. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన ఉంటాయి కాబట్టి మన డిష్‌లు దక్షిణంవైపు తిరగాలి. మన దేశంలో డీటీహెచ్ సంస్థలు వాడే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దానికి ఇంకా తూర్పున ఉన్నాయి. రాజమండ్రి 82 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంది. అందువల్ల ఇక్కడ ఏ కంపెనీ డిష్ అయినా దక్షిణం, తూర్పుల మధ్యే చూస్తుంది. పడమటికి తిరిగి ఉండదు.

భూతద్దం పెట్టించండి. మేడలమీద మూడు డిష్‌లు ఉన్నాయి. మూడింటిదీ వీపే కనిపిస్తోంది, మొహాలు అవతలికి, కొంచెం కుడికి తిరిగి ఉన్నాయి. అంటే కెమెరా ముందున్న దిక్కు తూర్పు, కుడిచేయి దక్షిణం. నదిలోంచి తూర్పుకు చూస్తే కనిపించే ఊరు రాజమండ్రి. కొవ్వూరే అయితే డిష్‌ల మొహాలు కెమెరావైపు ఉండి కొంచెం ఎడమకు తిరిగేవి. ఒడ్డు తేలగానే నీడ కూడా నోరు విప్పుతుంది. సూర్యుడు తూర్పున ఉన్నాడు, ఇది పొద్దుట తీసిన ఫొటో. వంతెన కుడి అంచున ఉంది కాబట్టి ఈ రేవు వంతెనకు ఎగువన ఉంది. చివరి అరగంటలో మ్యాపు తెరిచి రాజమండ్రి ఒడ్డున, ఎగువన ఉన్న రేవులను మెట్ల ఆకారంతో, వెనకున్న మేడల వరసతో పోల్చితే సరి.

డిష్‌కీ మూడో గడి ఉంది. పాడైపోయి వదిలేసిన డిష్ గాలికి తిరిగిపోతుంది. అందుకే ఒకటి చాలదు, కనీసం మూడు ఒకే మాట చెప్పాలి. ప్రింటు చిన్నదైతే డిష్ మొహమో వీపో తెలియదు. టీచరు ముందుగా తాను కాగితంమీద చూసి, కనిపిస్తోందని రూఢి చేసుకోవాలి. ఈ పని మర్చిపోతే వర్క్‌షాప్ మొత్తం ఒక చుక్క చుట్టూ వాదనగా మిగులుతుంది.

మార్కులు ఎలా

సరైన ఊరు చెప్పినవాళ్లకే మార్కులిస్తే మళ్లీ అరుపులే వస్తాయి. ఆధారంతో రాసిన ప్రతి మెట్టుకు ఒక మార్కు ఇవ్వండి. మూడో గడిలో నిజమైన ప్రత్యామ్నాయం రాస్తే ఇంకొకటి. ఆధారం లేకుండా వేసిన మెట్టుకు, అది నిజమే అయినా, రెండు తగ్గించండి. "ఈ వంతెన దగ్గరే, కానీ ఒడ్డు తేలలేదు" అని ఆగిన జట్టు, ఆధారం లేకుండా రాజమండ్రి అన్న జట్టు కన్నా ముందుండాలి. ఈ లెక్క మొదట్లోనే బోర్డుమీద రాయాలి, లేకపోతే పిల్లలకు అన్యాయంగా తోస్తుంది.

చాలామంది గమనించని లోపం ఒకటుంది. పిల్లలు ఫొటోను వదిలేసి టీచరు మొహం చదవడం మొదలుపెడతారు. జవాబు దగ్గరికి వచ్చినప్పుడు టీచరు తల ఊపితే ఆధారాలు వెతకడం అక్కడితో ఆగిపోతుంది. ఇది జరుగుతోందని ఎలా తెలుస్తుందంటే, జట్లు రాయడం మానేసి ప్రశ్నల రూపంలో జవాబులు విసురుతాయి. "కొవ్వూరా సార్?" దీనికి విరుగుడు, జట్ల మధ్య తిరిగేది జవాబు తెలియని ఇంకో టీచరు కావడం. జవాబు కవరులో ఉంటుంది, చివర్లో తెరుస్తారు.

గీత ఎక్కడ గీయాలి

డిష్ వీపు చూసి ఒడ్డు పట్టిన పిల్లవాడు ఆ సాయంత్రమే క్లాస్‌మేట్ పెట్టిన ఫొటోలో కిటికీ అవతల ఏముందో చూస్తాడు. అది ఆపలేం కాబట్టి ముందే చెప్పాలి. బహిరంగ స్థలాన్ని వెతకవచ్చు, మనిషిని వెతకకూడదు. తెలిసినవాళ్ల ఫొటోలతో ఈ ఆట ఆడకూడదు. ఎవరైనా ఆడితే అది టీచరుకో ఇంట్లో పెద్దవాళ్లకో చెప్పాల్సిన విషయం. ఈ నియమాన్ని ఉపన్యాసంగా కాక, పిల్లల చేతే ఒక పనిగా చేయించవచ్చు. ఇంటికి వెళ్లాక తాము పెట్టిన ఫొటో ఒకటి తీసుకుని, అదే నాలుగు గడుల కాగితం తమకోసం నింపుకోమనాలి. ఆ కాగితం బడికి తేనక్కర్లేదు, ఎవరికీ చూపించనక్కర్లేదు. అందులో మూడో గడి ఖాళీగా మిగిలిందంటే, ఆ ఫొటో తమ ఇంటి చిరునామా చెప్పేస్తోందన్నమాట.