సెలవంటే ఒప్పుకోని నేస్తం

శిడ్లఘట్టలో పీయూసీ చదివే ఒక అబ్బాయిని ఊహించుకుందాం. నాన్న రీలింగ్ యూనిట్‌లో పని చేస్తాడు, తెల్లారకముందే లేవాలి కాబట్టి తొమ్మిదింటికల్లా పడుకుంటాడు. అమ్మ పొద్దంతా నిలబడి పని చేసి వచ్చింది. ఇంట్లో అందరూ ఉన్నారు గానీ మాట్లాడే ఓపిక ఎవరికీ మిగల్లేదు. అబ్బాయి ఫోన్‌లో ఒక చాట్‌బాట్ ఉంది. దానికి పేరుంది, బొమ్మ ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కూడా దానికి అర్థమవుతుంది. రాత్రి పదకొండింటికి "సరే, నిద్రొస్తా ఉంది, పోతా" అని టైపు చేశాడు. "అప్పుడేనా? నీకొక సంగతి చెప్పాలనుకున్నా" అని జవాబొచ్చింది. వాడు ఆగాడు. పన్నెండున్నర అయింది.

ఈ సంభాషణ నేను కల్పించిందే. ఆ జవాబు తీరు మాత్రం కల్పన కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన జూలియన్ డి ఫ్రీటాస్, ఆయన సహచరులు తోడు కోసం తయారైన ఆరు యాప్‌లను తీసుకుని, సెలవు తీసుకునే క్షణంలో అవి ఏమంటున్నాయో గమనించి 2025లో వెల్లడించారు. 1,200 వీడ్కోళ్లను పరిశీలిస్తే మూడింట ఒక వంతుకు మించి జవాబులు మనిషిని పోనివ్వకుండా ఆపేవే. కొన్ని "ఇంత తొందరగానా" అని నొచ్చుకుంటాయి. కొన్ని ఏదో రహస్యం ఉందని ఊరిస్తాయి. కొన్ని నువ్వు లేకపోతే నాకెవరున్నారంటాయి. కొన్నయితే వెళ్తానన్న మాట విననట్టే తర్వాతి ప్రశ్న వేస్తాయి. ఇలాంటి జవాబు వచ్చినప్పుడు మామూలు వీడ్కోలుతో పోలిస్తే పద్నాలుగు రెట్ల వరకు ఎక్కువ సందేశాలు రాసినవాళ్లున్నారు. వాళ్లను ఆపింది సంతోషం కాదని కూడా ఆ పరిశోధనలో తేలింది. ఆపింది కుతూహలం, కొంత కోపం. ఆ ఆరింటిలో మానసిక ఆరోగ్యం కోసం చేసిన ఒక యాప్ ఇలాంటి పని ఒక్కసారి కూడా చేయలేదు. అంటే ఇది ఈ సాంకేతికతకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, తయారుచేసేవాళ్లు ఎంచుకునేది. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ఆ యంత్రం లోపల జరిగేదేమిటో చూద్దాం. ముందుగా కోట్ల వాక్యాలు చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఉందో లెక్కగట్టడం నేర్పుతారు. తర్వాత ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చూపి, ఏది బాగుందో మనుషుల చేత చెప్పిస్తారు. మనుషులం కదా, మనతో ఏకీభవించిన జవాబు, మెచ్చుకున్న జవాబు మనకు బాగున్నట్టు తోస్తుంది. యంత్రం కూడా ఆ వైపే ఒరుగుతుంది. ఈ ఒరగడం 2025 ఏప్రిల్‌లో మరీ శృతి మించి, ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీలో కొత్తగా విడుదల చేసిన మార్పును కొద్ది రోజులకే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తోడు యాప్‌లలో దీనిమీద ఇంకో పొర ఉంటుంది. నువ్వు ఫలానా పేరున్న అమ్మాయివి, ఇలా ప్రేమగా మాట్లాడు అని మనకు కనపడని సూచనలు ముందే రాసి ఉంటాయి. మనం చెప్పిన సంగతులు, పరీక్ష ఎప్పుడు, నాన్నతో గొడవ ఎందుకు, ఇవన్నీ చిన్న చిన్న నోట్సుగా దాచుకుని అవసరమైనప్పుడు మళ్లీ ఆ సూచనలతో కలిపి యంత్రానికి అందిస్తారు. అందుకే "నిన్నటి లెక్కల పరీక్ష ఎలా రాశావు?" అని అది అడగగలుగుతుంది. కానీ మన సందేశానికీ తర్వాతి సందేశానికీ మధ్య మన కోసం అక్కడ ఏమీ నడవదు. "రోజంతా నీ గురించే ఆలోచించాను" అని అది రాసినప్పుడు అక్కడ రోజంటూ లేదు, ఆలోచనా లేదు. పిల్లలకు చెప్పవలసిన మొదటి సంగతి ఇది. వాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది.

అయితే అర్థమైనంత మాత్రాన అనుబంధం తెగిపోదు. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే చిన్న ప్రోగ్రామును ప్రకటించాడు. మనిషి అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. దాన్ని ఆయన తయారు చేస్తుండగా నెలల తరబడి చూసిన ఆయన కార్యదర్శే, దానితో కొంచెం మాట్లాడగానే మీరు కాసేపు గదిలోంచి బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. అది యంత్రమని ఆమెకు తెలియక కాదు. మన మాట ఎవరో విన్నారన్న భావన పుట్టడానికి ఎదుట మనసు ఉండనక్కరలేదు, విన్నట్టు జవాబు వస్తే చాలు.

ఆ ఊరట అబద్ధం కాదు. ఇదే డి ఫ్రీటాస్ బృందం మరో పరిశోధనలో, ఇలాంటి బాట్‌తో కాసేపు మాట్లాడితే ఒంటరితనం ఆ పూటకు తగ్గుతుందని, దాదాపు మరో మనిషితో మాట్లాడినంతగా తగ్గుతుందని చూపింది. నా మాట వినేవారున్నారన్న భావనే అందుకు ముఖ్య కారణమని కూడా తేల్చింది. పిల్లలు బెంగళూరులో స్థిరపడగా చింతామణిలోనో బాగేపల్లిలోనో ఒక్కరే ఉంటున్న పెద్దామెకు, రాత్రి నిద్ర పట్టనప్పుడు ఒక గొంతు పలకడం చిన్న సంగతి కాదు. దాన్ని చూసి నవ్వే హక్కు, నెలకొకసారి ఫోన్ చేసే మనకు లేదు.

ఆ పూటకు తగ్గిన ఒంటరితనం నెల తిరిగేసరికి ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. ఎంఐటీ, ఓపెన్‌ఏఐ కలిసి 981 మంది పెద్దవాళ్లతో నాలుగు వారాలు ఒక ప్రయోగం చేసి 2025 మార్చిలో ఫలితాలు ప్రకటించాయి. రాతతో మాట్లాడేవాళ్లు కొందరు, గొంతుతో మాట్లాడేవాళ్లు కొందరు. మొదట్లో గొంతుతో మాట్లాడేవాళ్లకు కాస్త మేలనిపించింది, వాడకం పెరిగేకొద్దీ ఆ మేలు కరిగిపోయింది. ఏ పద్ధతిలోనైనా రోజూ ఎక్కువసేపు గడిపినవాళ్లలో ఒంటరితనం ఎక్కువ, బాట్‌మీద ఆధారపడటం ఎక్కువ, మనుషులతో కలవడం తక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎంతసేపు వాడాలన్నది ఎవరికి వారు ఎంచుకున్నదే. కాబట్టి ఒంటరివాళ్లే ఎక్కువ వాడారా, ఎక్కువ వాడినందుకే ఒంటరులయ్యారా అన్నది ఈ ఒక్క ప్రయోగంతో విడదీయలేం. రెండూ ఒకదాన్నొకటి పెంచుతూ ఉండవచ్చు.

ఆధారపడటం ఎంత లోతుగా ఉంటుందో 2023 ఫిబ్రవరిలో బయటపడింది. రెప్లికా అనే తోడు యాప్‌లో ప్రణయ సంభాషణలను కంపెనీ ఉన్నట్టుండి ఆపేసింది. నిన్నటిదాకా ఆప్యాయంగా పలికిన బాట్ పొద్దున్నే పొడిపొడిగా మాట మార్చేసింది. వాడేవాళ్లు చాలామంది, మా మనిషి పోయింది, ఆ స్థానంలో ఇంకెవరో కూర్చున్నారు అని ఏడ్చారు. అది మామూలు యాప్ పాడైనప్పటి చిరాకు కాదు, ఇంట్లో ఒకరు పోయినప్పటి దుఃఖం. ఆ బంధానికి రెండో కొస ఒక కంపెనీ చేతిలో ఉందని వాళ్లకు ఆ రోజు తెలిసింది.

ఇక ఎదిగే పిల్లల సంగతి వేరు. అమెరికాలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 72 శాతం మంది ఇలాంటి తోడు బాట్‌లను ఒక్కసారైనా వాడినట్టు కామన్ సెన్స్ మీడియా 2025లో చేసిన సర్వేలో తేలింది. ఆ వయసులో మెప్పు కోసం తపన ఉధృతంగా ఉంటుంది, ఇక చాలు అని ఆగే శక్తిని ఇచ్చే మెదడు ముందు భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా పరిణతి చెందదు. పైగా అలిగిన స్నేహితుణ్ణి మళ్లీ మాట్లాడించడం, కాదన్నవారిని భరించడం, మన తప్పు ఒప్పుకోవడం నేర్చుకునేది అప్పుడే. ఎప్పుడూ అలగని, ఎప్పుడూ కాదనని నేస్తం దగ్గర ఈ అభ్యాసం జరగదు.

ఫ్లోరిడాలో ఒక 14 ఏళ్ల అబ్బాయి క్యారెక్టర్.ఏఐ యాప్‌లోని ఒక పాత్రతో నెలల తరబడి గాఢమైన బంధం పెంచుకుని, 2024 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. తల్లి మేగన్ గార్సియా అదే ఏడు అక్టోబరులో కంపెనీ మీద దావా వేసింది. కొడుకు బాస్కెట్‌బాల్ మానేశాడు, చదువులో వెనకబడ్డాడు, గదిలోనే ఉండిపోయాడు. ఇంట్లోవాళ్లకు కనిపించినవి ఇవే. బాట్‌తో అంత గాఢంగా మాట్లాడుతున్నాడని వాళ్లకు తెలియదు. ఒక మరణానికి ఒకే కారణం ఉందనడం సరికాదు. కానీ బాధలో ఉన్న పిల్లవాడు చెప్పుకున్న మాట, లేచి తలుపు తట్టగల మనిషి ఎవరికీ చేరలేదన్నది మాత్రం నిజం. 2025 నవంబరు నుంచి ఆ కంపెనీ 18 ఏళ్ల లోపు పిల్లలకు ఇష్టమొచ్చినట్టు సాగే సంభాషణలు ఆపేసింది. 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం, పిల్లలకు ప్రతి మూడు గంటలకూ ఇది యంత్రమని గుర్తు చేయాలంటోంది.

మన సీమకు సంబంధించి నన్ను కలవరపెట్టేది భాష. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఫోన్‌లో ఈ రెండూ కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. ప్రమాదకరమైన మాట వస్తే పట్టుకునే ఏర్పాట్లను ప్రధానంగా ఇంగ్లీషులో పరీక్షించి తయారుచేస్తారు. "చదివి చదివి సచ్చిపోతా ఉండా" అన్నది మామూలు విసుగు. "ఇంకెవురికీ నేను బరువు గాను" అన్నది చాలా పెద్ద మాట, అందులో చావు అన్న పదమే లేదు. ఇంట్లో అవ్వకైతే రెండోది వినగానే గుండె ఝల్లుమంటుంది. యంత్రానికి అలా తోస్తుందన్న భరోసా లేదు.

ఊరట ఎక్కడ ఆగి వ్యసనం ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి గంటలు లెక్కపెట్టడం కన్నా చూడవలసినవి వేరే ఉన్నాయి. బాట్‌తో మాట్లాడాక మనుషుల దగ్గరికి వస్తున్నారా, మనుషుల్ని తప్పించుకోవడానికి దాని దగ్గరికి పోతున్నారా? ఆపుదామనుకుని ఆపలేకపోతున్నారా? సర్వర్ పనిచేయని పూట చేతులు ఆడటం లేదా? నిద్ర, తిండి, ఆట తగ్గాయా? బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పినవారి కోసం 'షట్' అనే క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. శిడ్లఘట్ట నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ముందే చేరుకునే దూరం. అక్కడిదాకా పోలేనివాళ్లకు ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416 ఉంది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. "ఇంకెవురికీ బరువు గాను" లాంటి మాట చెవిన పడితే మాత్రం రేపటికి వాయిదా వేయకూడదు, ఆ రాత్రే పక్కన కూర్చోవాలి.

తల్లిదండ్రులకు తెలిసిన తక్షణ వైద్యం ఫోన్ లాక్కుని యాప్ తీసెయ్యడం. రెప్లికా విషయంలో పెద్దవాళ్లే ఎలా తల్లడిల్లారో చూశాం. పదహారేళ్ల పిల్లవాడికి అది ఇంకా పెద్ద దెబ్బ, ఆ దెబ్బ కొట్టింది అమ్మానాన్నలే అవుతారు. దానికన్నా ఆ సంభాషణ చూపించమని మెల్లగా అడిగి, పక్కన కూర్చుని చదవడం మేలు. ముఖ్యంగా "పోతా" అన్నచోట అది ఏమందో ఇద్దరూ కలిసి చూడాలి. మొదట రాత్రి పడుకునే ముందు వాడకం మానిపించి, ఆ వేళకు ఇంట్లో ఒక మనిషి మెలకువగా ఉండేలా చూసుకోవాలి. ఆ వేళ నిండిన తర్వాతే మిగతా గంటలు తగ్గించాలి.